నా పాత వ్యాసాలు చూపించి నాలాగే రాయమన్నాక

2025 జూన్‌లో బళ్ళు తెరిచిన వారంలోనే వరండాలో వాన నీళ్ళ మీద కాలు జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు, ఆ తర్వాత ఫిజియోథెరపీ. నేను కావలిలో హైస్కూల్ తెలుగు టీచర్ని. నెల్లూరు నుంచి వచ్చే చిన్న మాసపత్రికకి పదకొండేళ్ళుగా నెలకో వ్యాసం రాస్తున్నాను. ఏడు వందల మాటలు ఉంటుంది. ప్రతి నెలా ఇరవయ్యో తేదీకి అందాలి, పదకొండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. కట్టు వేయించుకుని ఇంటికొచ్చాక నాకు నొప్పి కంటే ఆ ఇరవయ్యో తేదీ టెన్షనే ఎక్కువైంది. ఫోన్‌లో నోటితో చెప్పి టైప్ చేయించాలని చూశాను కానీ, నాకు వాక్యం వేళ్ళలోంచి వస్తుంది తప్ప నోట్లోంచి రాదు.

మా అబ్బాయి ఒంగోలులో వాళ్ళ పిన్ని దగ్గర ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకి వచ్చి ఉన్నాడు. "అమ్మా, నీ పాత వ్యాసాలు ఏఐకి చూపిస్తే నీలాగే రాస్తుంది, నువ్వు సరిదిద్దితే చాలు" అన్నాడు. సరేనన్నాను. ఆ తర్వాత నాలుగు నెలల్లో జరిగింది ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి అడ్డంకి నేను అసలు ఊహించనిది. పాత వ్యాసాల్లో చాలా వరకు పత్రిక వాళ్ళు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసినవి. ఆ ఫైల్లోంచి కాపీ చేసి వేరేచోట పెడితే తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన ముద్ద వస్తుంది. ఆ ఫాంట్లలో లోపలున్నది ఇంగ్లీషు కోడే, పైకి కనిపించేది మాత్రమే తెలుగు బొమ్మ. దాన్ని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చేటప్పుడు కొన్ని వత్తులు ఎగిరిపోతాయి, కొన్ని పక్క అక్షరానికి తగులుకుంటాయి. మేం చూసుకోకుండా అలాగే ఇచ్చేశాం. అది రాసిచ్చిన మొదటి ముక్కలో ఆ వత్తుల తప్పులూ ఉన్నాయి. నా శైలి ఏదో, కన్వర్టర్ చేసిన పాడు ఏదో దానికి తెలియదు కదా, రెండూ నావే అనుకుంది. పన్నెండు వ్యాసాలు అక్షరం అక్షరం సరిచూడటానికి మాకు మూడు సాయంత్రాలు పట్టింది.

ముందు మూడు వ్యాసాలే ఇచ్చి చూశాం. ఆ మూడూ వేసవి మీద రాసినవి. ఇక ఏ విషయం మీద రాయమన్నా మామిడికాయలూ ఆవకాయ జాడీలూ వచ్చేవి. ఆ మూడింటిలో మారకుండా ఉన్నదంతా నా శైలే అనుకుంటుంది మరి. అందుకని ఒకదానితో ఒకటి పొత్తు లేని విషయాలవి పన్నెండు ఏరాం. ఒకటి మా పెన్న ఎండిపోవడం మీద, ఒకటి బళ్ళో మధ్యాహ్న భోజనం మీద, ఒకటి ఉదయగిరి చెక్క గరిటెల మీద, ఇలాగ. ఒక్కో వ్యాసానికి పైన, దాన్ని రాసేముందు నా బుర్రలో ఉన్న విషయమేదో రెండు మూడు ముక్కల్లో రాసి పెట్టాం. ముందు ముక్కలు, కింద వ్యాసం. ఇలా పన్నెండు జతలు పెట్టి, చివర కొత్త ముక్కలు మాత్రం ఇచ్చి కింద ఖాళీ వదిలితే, ఆ ఖాళీని నా తీరులో నింపింది. నా శైలి ఇలా ఉంటుందని వర్ణించి చెప్పినప్పుడు రాసినదానికీ దీనికీ పోలికే లేదు. "సరళమైన, ఆత్మీయమైన శైలి" అంటే తెలుగులో వెయ్యి మందికి సరిపోతుంది.

ఇంకో పొరపాటు నాది. మంచివని నాకు పేరు తెచ్చినవే ఏరాను. వాటిలో ముగింపులు బరువుగా ఉంటాయి. మామూలు నెలల్లో నేను రాసినవి చప్పున ఆగిపోతాయి. అది రాసినవన్నీ బరువుగా ముగిసేవి. నమూనాగా మన గొప్పవి ఇస్తే మనం ఎప్పుడో తప్ప చేయని పని అది రోజూ చేస్తుంది.

జులై సంచికకి రొట్టెల పండగ మీద రాయాలనుకున్నాను. ఆ నెల్లోనే మొహర్రం. తెలియనివారికి చెప్తాను: నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా ఉంది. మొహర్రం రోజుల్లో జనం చెరువు నీళ్ళలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్ళకి ఇస్తారు. ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె అని పేర్లు పెట్టి పిలుస్తూ ఇస్తారు. పుచ్చుకున్నవాళ్ళు తమ కోరిక తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. నాకు పదేళ్ళప్పుడు మేం మూలాపేటలో ఉండేవాళ్ళం. ఆ ఏడు అమ్మ మా మామ ఉద్యోగం కోసం రొట్టె పుచ్చుకోవడానికి వెళ్తే నేనూ చెల్లీ వెంట వెళ్ళాం. నేనిచ్చిన ముక్కలు ఇవే: చెరువు, దర్గా, పదేళ్ళ వయసు, అమ్మ, మామ ఉద్యోగం.

వచ్చిన వ్యాసం చదివి నాకు ఒళ్ళు జలదరించింది. నా విరుపు, నా పలుకు, నేను కామా పెట్టే చోటు అన్నీ అందులో ఉన్నాయి. అందులో ఈ వాక్యం ఉంది: "నీళ్ళలో మోకాళ్ళ లోతున నిలబడి, అవ్వ కొంగు పట్టుకుని, నేనూ చెయ్యి చాపాను." నేను ఎడమ చేత్తో నాలుగైదు మాటలు మార్చి పత్రికకి పంపించేశాను. అచ్చయింది. ఇద్దరు పాఠకులు ఫోన్ చేసి ఆ అవ్వ గురించే మాట్లాడారు. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు సంచికలకీ అలాగే చేశాం. పత్రికకి ఈ సంగతి చెప్పలేదు. సరిదిద్దేది నేనేగా అనుకున్నాను.

దసరా సెలవులు అయ్యాక మావాడు ఒంగోలు వెళ్తూ ఆ నాలుగు సంచికలూ చెల్లికి పట్టుకెళ్ళాడు. అది నాలుగూ ఒకే రాత్రి చదివి పొద్దున్నే ఫోన్ చేసింది.

"అక్కా, రొట్టెల పండక్కి అవ్వ ఎక్కడొచ్చింది? మనం నెల్లూరికి మకాం మార్చకముందే పోయింది గదా."

నాకు నోట మాట రాలేదు. అది చెప్పేదాకా ఆ వాక్యం అబద్ధమని నాకు తట్టలేదు. నేను ఆ రోజు నీళ్ళలో దిగనే లేదు. అమ్మ దిగింది. నేను గట్టు మీద చెప్పుల దగ్గర కాపలా ఉన్నాను. కానీ ఆ వాక్యం నా నడకలో ఉంది కాబట్టి నా మనసు దాన్ని అడ్డుకోలేదు. ఇంకొకరు రాసినదైతే ప్రతి మాటా అనుమానించి చదువుతాం. మనం రాసినట్టే ఉన్నదాన్ని, జ్ఞాపకం వచ్చినట్టుగా చదువుతాం. నాలుగు నెలల్లో నాకు నిజంగా భయం వేసింది ఇక్కడే. ఆ మోడల్‌కి నా జ్ఞాపకాలేవీ లేవు, పన్నెండు వ్యాసాలున్నాయి. వాటిలో ఐదింటిలో అవ్వ ఉంది. చిన్నప్పటి సంగతి అనగానే అవ్వని తెచ్చి నీళ్ళలో నిలబెట్టింది.

చెల్లి ఇంకోటీ అడిగింది. "నాలుగింట్లోనూ 'సరే, అది అలా ఉంచండి' అంటావేంది? అన్నిసార్లు అనవే నువ్వు."

అప్పుడు దానికి ఉన్నదంతా చెప్పాను. మర్నాడు నెల్లూరు వెళ్ళి సంపాదకులకీ చెప్పాను. ఆయన కోప్పడలేదు, కానీ నమ్మలేదు. ఏఐ రాసిందో లేదో చెప్పే వెబ్‌సైట్లు రెండు తెరిచి రొట్టెల పండగ వ్యాసాన్ని వాటిలో పెట్టారు. రెండూ మనిషే రాశారన్నాయి. "చూడమ్మా, నువ్వే రాశావంటోంది" అన్నారాయన. నేను 2016లో కాగితం మీద చేత్తో రాసిన వ్యాసం అడిగి పెట్టించాను. అప్పటికి ఇలా రాసే మోడళ్ళే లేవు. ఒక సైటు మనిషి అంది, రెండోది చాలా భాగం మెషిన్ రాసిందని తేల్చింది.

ఇలా ఎందుకు జరిగిందో ఇంటికొచ్చాక మావాడు ఫోన్‌లో వివరించాడు. ఈ డిటెక్టర్లలో చాలా వాటికి మూలం ఊహించడం. వాక్యాన్ని మాట మాటగా చదువుతూ, తర్వాతి మాట ఏమొస్తుందో వాటి లోపలి మోడల్ అంచనా వేస్తుంది. అంచనాకి తగ్గట్టే మాటలు వస్తుంటే మెషిన్ రాసిందంటుంది, అంచనా తప్పుతూ ఉంటే మనిషంటుంది. నా విషయంలో తిరకాసు ఇక్కడే. రాసిన మోడల్ ముందు నా పన్నెండు వ్యాసాలున్నాయి. వాటిని చూస్తూ రాస్తే "సరే" తర్వాత "అది అలా ఉంచండి" రావడం దానికి సహజం. డిటెక్టర్ ముందు ఆ వ్యాసాలు లేవు. అందుకే దానికి నా విరుపులన్నీ కొత్తగా, ఊహించలేనివిగా కనిపించాయి. నమూనాలు ఇవ్వడమంటే ఒకరకంగా డిటెక్టర్‌కి తెలియని రహస్యం మోడల్ చెవిలో చెప్పడమే. పైగా ఇవి ఎక్కువగా ఇంగ్లీషు కోసం కట్టినవి. తెలుగు మాటని అవి చిన్న చిన్న ముక్కలుగా విరిచి చదువుతాయి. అలా చదివి ఇచ్చే అంకెకి అర్థం చెప్పడం కష్టం.

ఇంగ్లీషులోనూ ఇవి గట్టివేం కావు. ఓపెన్ఏఐ సొంతంగా తయారుచేసిన డిటెక్టర్‌ని 2023 జనవరిలో విడుదల చేసి, సరిగ్గా చెప్పడం లేదని ఆ జులైలోనే తీసేసింది. అదే ఏడు స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలని ఏడు డిటెక్టర్లకి ఇచ్చి చూశారు. సగటున సగానికి పైగా వ్యాసాలని అవి మెషిన్ రాసినవన్నాయి. తక్కువ మాటలతో, తేలిక వాక్యాలతో రాసేవాళ్ళు దొరికిపోతున్నారన్నమాట. మా బళ్ళో పిల్లలు రాసేదీ అలాంటి తెలుగే. ఆ అంకె చూసి ఒక్క పిల్లవాడినైనా నిలదీస్తే అది అన్యాయం. ఇది ఉపాధ్యాయులకి గట్టిగా చెప్తున్నాను.

మరి చెల్లి ఎలా పట్టుకుంది? దాని దగ్గర నా పదకొండేళ్ళ రాతలున్నాయి. డిటెక్టర్ "ఇది మనిషి రాసిందా?" అని చూస్తే, చెల్లి "ఇది మా అక్క రాసిందా?" అని చూసింది. మావాడు ఆ రెండో ప్రశ్నని లెక్కపెట్టి చూద్దామన్నాడు. కట్టు పడకముందు రాసిన 24 వ్యాసాలు ఒక పక్క, అచ్చయిన నాలుగు ఒక పక్క పెట్టాడు.

"సరే, అది అలా ఉంచండి" నా 24 వ్యాసాల్లో కలిపి ఏడుసార్లు ఉంది. ఆ నాలుగింటిలో తొమ్మిదిసార్లు. వాక్యంలో సగటు మాటలు రెండు వైపులా దాదాపు సమానం, పదకొండు. కానీ నేను రెండు మాటల వాక్యం పక్కన ముప్పై అయిదు మాటల వాక్యం పెడతాను. దానివన్నీ ఎనిమిదికీ పదిహేనుకీ మధ్యనే తిరుగుతాయి. సగటు చూస్తే కవలలు, విడివిడిగా చూస్తే కారు.

అసలు తేడా మాత్రం చిన్న మాటల్లో ఉంది. నేను "నేనూ వెళ్ళాను" అని దీర్ఘం తీస్తాను, అది "నేను కూడా వెళ్ళాను" అంటుంది. "గట్టు మీద పాత రావిచెట్టు ఉండేది" అని నేను రాసే చోట "గట్టు మీద ఒక పాత రావిచెట్టు ఉండేది" అని రాస్తుంది. నా వ్యాసాల్లో అలాంటి "ఒక" రెండో మూడో ఉంటే, దాని వ్యాసాల్లో పది దాటాయి. అది చదివింది ఎక్కువగా ఇంగ్లీషు కాబట్టి అక్కడ పేరుకి ముందుండే 'ఎ' ఇక్కడ 'ఒక'గా దిగిందని నా అనుమానం. నేను నాలుగింటినీ ఎడమ చేత్తో సరిదిద్దానే, ఈ ఒకలని ఒక్కటీ చూడలేదు. పెద్ద మాటల మీద, పోలికల మీదే నా కన్ను పడింది.

ఇది కొత్త సంగతేం కాదట. అమెరికా రాజ్యాంగం గురించి పేరు లేకుండా అచ్చయిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో పన్నెండు హామిల్టన్ రాశాడా, మాడిసన్ రాశాడా అన్న తగాదాని 1964లో మోస్టెలర్, వాలెస్ అనే గణాంక శాస్త్రవేత్తలు ఇలాగే తేల్చారు. హామిల్టన్ 'అపాన్' అనే మాట తెగ వాడతాడు, మాడిసన్ దాదాపు వాడడు. ఎవరూ పట్టించుకోని అలాంటి చిన్న మాటలు లెక్కపెట్టి ఆ పన్నెండూ మాడిసన్‌వన్నారు. తెలుగులో ఇంకాస్త చిక్కుంది. మనకి అలాంటివి విడి మాటలుగా ఉండవు, నేనే, నేనూ, నేనా అంటూ మాట చివర అంటుకుపోతాయి. మావాడు అందుకే మాటలు కాక మాటల చివరి అక్షరాలు లెక్కపెట్టాడు.

ఇదీ పూర్తి రుజువు కాదు. ఒక్క వ్యాసం, ఏడు వందల మాటలు చూసి ఇలా చెప్పలేం. నాలుగు కలిపితేనే తేడా తేలింది. "కూడా"లు, "ఒక"లు వద్దని షరతు పెట్టి మావాడు మళ్ళీ రాయించి చూశాడు. అవి తగ్గాయి, కానీ ప్రతి మాటకీ దీర్ఘం వచ్చి చదవలేకపోయాం. ఓపిగ్గా కూర్చుని ఒక్కోటి సరిచేసుకుంటూ పోతే చెల్లి పట్టుకోలేని వ్యాసమూ తయారవుతుందేమో. అంత పని చేసే బదులు వ్యాసమే రాసుకోవచ్చు.

మేం చేసిన పెద్ద తప్పు ఇంకోటి ఉంది. జులై వ్యాసం బాగుందని దాన్నీ నమూనాల్లో చేర్చాం, తర్వాత ఆగస్టుదీ చేర్చాం. అంటే నన్ను అనుకరించిన రాతని నా రాతగా మళ్ళీ చూపించాం. "సరే" జులైలో ఒకటి, ఆగస్టులో రెండు, సెప్టెంబరులో రెండు, అక్టోబరులో నాలుగు. నెలనెలా నా వెక్కిరింపు బొమ్మలా తయారైంది. అంతకంటే బాధ కలిగించింది చెయ్యి బాగయ్యాక తెలిసింది. నవంబరు వ్యాసం నేనే రాస్తూ మొదటి పేజీలోనే "సరే, అది అలా ఉంచండి" అని రెండుసార్లు రాసి ఆగాను. అది నా దగ్గర నేర్చుకుంది సరే, నేను దాని దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆ రోజే నమూనాల ఫైల్లోంచి ఆ రెండు వ్యాసాలూ తీసేయించాను. ఎప్పుడు రాసిందో తేదీ లేని రాత అందులో ఉండకూడదని మావాడికి చెప్పాను.

ఇక ఇవి ఎవరివి అన్న మాట. సంపాదకుల స్నేహితులొక లాయరు గారు, మన 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ తయారుచేసిన రచనకి, దాన్ని తయారు చేయించిన మనిషే రచయిత అని రాసి ఉందని చూపించారు. కాబట్టి కాగితం మీద నా పేరుకి ఇబ్బంది లేదన్నారు. అది విన్నాక నాకు మనసు తేలికపడలేదు. అవ్వ నీళ్ళలో నిలబడ్డదన్న మాటకి ఎవరు పూచీ? అది నేను చూసినట్టుగా నా పేరుతో అచ్చయింది. పాఠకులు నా వాక్యం తీరు చూసి డబ్బులిచ్చి కొనలేదు, నేను చూసినదే చెప్తానని కొన్నారు.

ఇంకొకరి రీతిలో రాయడం మన దగ్గర పాపమేం కాదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలి వెళ్తే దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత పూరించిన ఎర్రన మన ప్రాంతం కవే, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్నవాడు. నన్నయ రాసినట్టే ఉండాలని రాశాడు, నన్నయ లాగే రాజరాజనరేంద్రుడికే అంకితం ఇచ్చాడు. కానీ పర్వం చివర, ఆ కవి రీతి కొంత తోచేలా మిగిలిన భాగం పూరించింది తానేనని పద్యంలో చెప్పాడు. ఏటా పిల్లలకి పాఠం చెప్తాను ఇది. నేను మాత్రం ఆ చివరి పద్యం రాయకుండా నాలుగు నెలలు గడిపాను.

డిసెంబరు సంచికలో సంపాదకులు నా మాటగా చిన్న బాక్సు వేశారు. ఏ నాలుగు వ్యాసాలు ఎలా తయారయ్యాయో, జులై వ్యాసంలో ఏది జరగలేదో అందులో రాశాను. అవ్వ గురించి ఫోన్ చేసిన ఇద్దరిలో ఒకరు మళ్ళీ చేశారు. చాలాసేపు ఏమీ అనలేదు. "పోన్లేమ్మా, చెప్పావు" అని పెట్టేశారు.

బాక్సు కింద రొట్టెల పండగ వ్యాసం మళ్ళీ రాశాను, ఈసారి నా చేత్తో. మణికట్టు ఇంకా లాగుతూ ఉండటంతో రోజుకి పది వాక్యాల చొప్పున వారం పట్టింది. అందులో అవ్వ లేదు. గట్టు మీద ఎండ ఉంది, అమ్మ చీర కుచ్చెళ్ళు తడిసి నల్లగా కనబడటం ఉంది, నా ముందు మూడు జతల చెప్పులున్నాయి. సంచిక అందాక చెల్లి ఫోన్ చేసింది.

"రెండు జతలా ఒక చెప్పు అక్కా. నాది ఒకటి ఆ రోజే పోయింది. నువ్వు కాపలా ఉండగానే."